ఒక్క శనివారం, ముప్పై మంది అభ్యర్థులు: ఇంటర్వ్యూల ఏర్పాటుకు సమగ్ర మార్గదర్శి

మేనేజరు సోమవారం పొద్దున ఫోను చేసి, "వచ్చే శనివారం ఓ అరవై మందిని పిలిచేద్దాం, ఒక్క రోజులో పని అయిపోతుంది" అంటారు. నియామకాల విభాగంలో పనిచేసే ఎవరికైనా ఈ మాట కొత్త కాదు. చాలామంది వెంటనే సరే అని అభ్యర్థుల జాబితా తయారుచేయడం మొదలుపెడతారు. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. ఆ శనివారాలన్నీ దాదాపు ఒకేలా ముగిశాయి. మధ్యాహ్నం మూడింటికి హాల్లో ఇరవై మంది కూర్చుని ఉండేవారు, ప్యానెల్ సభ్యులు నీరసించిపోయేవారు, ఎవరి ఫీడ్‌బ్యాక్ ఎవరిదో తెలిసేది కాదు.

ఇక్కడ ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తాను. హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ సంస్థ. రెండు నుంచి నాలుగేళ్ల అనుభవం ఉన్న జావా డెవలపర్లు ఐదుగురు కావాలి. రెండు సాంకేతిక రౌండ్లు, రెండూ కార్యాలయంలోనే, ఒకే రోజు. అంకెలు మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు, పని జరిగే వరుస మాత్రం ఇదే.

ముందు ప్యానెల్ గంటలు లెక్కపెట్టండి

ఎంతమందిని పిలవాలన్నది ప్యానెళ్లు ఎన్ని గంటలు కూర్చోగలవన్న దాన్ని బట్టి తేలుతుంది. 45 నిమిషాల ఇంటర్వ్యూకు స్లాట్ 45 నిమిషాలు కాదు, గంట. మాట్లాడటానికి 45, ఫారం నింపడానికి 10, మంచినీళ్లు తాగి కాళ్లు చాచుకోవడానికి 5. రాయడానికి కేటాయించిన ఆ పది నిమిషాలే రోజంతటినీ నిలబెడతాయి. వాటిని లెక్కలో వేయకపోతే ఫీడ్‌బ్యాక్ సాయంత్రానికి, సాయంత్రం నుంచి మంగళవారానికి జారిపోతుంది.

ఒక ప్యానెల్ రోజుకు ఐదు ఇంటర్వ్యూలు చేయగలదు. ఆరోది కూడా చేస్తారు, కానీ ఆరో అభ్యర్థికి దక్కేది మొదటి అభ్యర్థికి దక్కిన శ్రద్ధ కాదు. మొదటి రౌండుకు ఆరు ప్యానెళ్లు దొరికాయనుకుందాం. ఆరు అయిదులు ముప్పై. అంటే ముప్పై మందినే పిలవాలి. అరవై మందిని పిలవాలంటే రెండు శనివారాలు కావాలి, లేదా పన్నెండు ప్యానెళ్లు కావాలి. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపిస్తే ఏ మేనేజరూ వాదించరు. నోటిమాటగా "కష్టమండీ" అంటే మాత్రం ఒప్పుకోరు.

పిలిచిన ముప్పై మందీ రారు. నేను నడిపిన వాటిలో ఆరుగురిని పిలిస్తే ఐదుగురు వచ్చేవారు. మీ సంస్థలో ఆ నిష్పత్తి ఎంతో గత మూడు నాలుగు సార్ల హాజరు చూసి మీరే తేల్చుకోండి. రానివారి కోసం ముందే ఎక్కువమందిని పిలిచి ఒకే స్లాట్‌లో ఇద్దరిని ఇరికించడం నాకు నచ్చని పద్ధతి. ఇద్దరూ వచ్చిన రోజున ఒకరిని గంటసేపు కూర్చోబెట్టక తప్పదు.

వచ్చిన పాతిక మందిలో సగం మంది రెండో రౌండుకు వెళ్తారనుకుంటే పన్నెండు, పదమూడు మంది. దానికి మూడు ప్యానెళ్లు చాలు.

విడతలుగా రమ్మనండి

అందరినీ పొద్దున తొమ్మిదింటికే రమ్మనడం పాత అలవాటు. దాన్ని మానేయండి. ఆరుగురు చొప్పున ఐదు విడతలు చేసి, ఒక్కో విడతకు ఒక్కో సమయం ఇవ్వండి.

| విడత | మొదటి రౌండు | ఫారం గడువు | రెండో రౌండు |
|---|---|---|---|
| 1 | 9:30 | 10:25 | 11:00 |
| 2 | 10:30 | 11:25 | 12:00 |
| 3 | 11:45 | 12:40 | 1:45 |
| 4 | 1:30 | 2:25 | 2:45 |
| 5 | 2:30 | 3:25 | 3:45 |

మొదటి రౌండు ప్యానెళ్లకు 11:30కు పావుగంట విరామం, 12:45 నుంచి 1:30 దాకా భోజనం. రెండో రౌండు ప్యానెళ్ల భోజనం 1:00 నుంచి 1:45 దాకా. ఒక్కో విడతలో వచ్చే ఐదుగురిలో ఇద్దరో ముగ్గురో ముందుకు వెళ్తారు, రెండో రౌండులో ప్రతి విడతకూ మూడు స్లాట్లు ఉన్నాయి. ఉత్తీర్ణుడైన అభ్యర్థి ఫలితం తెలిశాక అరగంటకు మించి ఖాళీగా కూర్చోడు. మూడో విడతవారికి గంట పడుతుంది, అది భోజన సమయం కాబట్టి కూపన్ ఇచ్చి క్యాంటీన్‌కు పంపితే సరిపోతుంది.

పట్టికలో బలహీనమైన చోటు ఒకటుంది, చూశారా? నాలుగో, ఐదో విడతల్లో ఫారం గడువుకూ రెండో రౌండుకూ మధ్య ఇరవై నిమిషాలే ఉన్నాయి. మధ్యాహ్నం రెండు తర్వాత ఏ ఒక్క ప్యానెల్ ఆలస్యం చేసినా దెబ్బ అక్కడే తగులుతుంది. అందుకే ఆ రెండు విడతల సమయంలో నేను గదుల వరండా వదిలి ఎక్కడికీ వెళ్లను.

ఎవరికి ఏ విడత ఇవ్వాలన్నది ఫోనులో మాట్లాడినప్పుడే తేల్చుకోండి. వరంగల్, విజయవాడ వైపు నుంచి ఆ రోజే బయల్దేరి వచ్చేవారికి 1:30 స్లాట్ ఇవ్వండి. ఇంకో సంగతి. శనివారం రాహుకాలం పంచాంగాల్లో సాధారణంగా 9:00 నుంచి 10:30 దాకా చూపిస్తారు. 9:30 స్లాట్ ఇచ్చినవారిలో ఒకరిద్దరు ఏదో సాకు చెప్పి సమయం మార్చమని అడుగుతారు. మనకు నమ్మకం ఉందా లేదా అన్నది అనవసరం. గురువారం సాయంత్రం ఆరింటిలోపు అడిగితే, ఖాళీ ఉంటే, కారణం అడగకుండా ఒకసారి మారుస్తామన్నది అందరికీ ఒకే నియమంగా పెట్టుకోండి. అప్పుడు సాకులతో పని ఉండదు, మొహమాటాలూ ఉండవు.

జీతం అంచనా, నోటీసు పీరియడ్, ఊరు మారడానికి సిద్ధమేనా అన్న ప్రశ్నలన్నీ ఈ ఫోనులోనే అడిగేయాలి. నోటీసు 90 రోజులని, మనకు అంత వ్యవధి లేదని శనివారం సాయంత్రం తెలియడం కంటే ముందు సోమవారం తెలియడం ఇద్దరికీ మేలు. కార్యాలయంలో ఏదైనా ప్రత్యేక ఏర్పాటు అవసరమా అని కూడా ప్రతి ఒక్కరినీ అడగండి. మెట్లు ఎక్కలేనివారు, స్క్రీన్ రీడర్ వాడేవారు తమంతట తాము చెప్పాలని ఎదురుచూడకూడదు. వికలాంగులకు సముచితమైన ఏర్పాట్లు కల్పించడం గురించి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది.

పేరుతో కాదు, సంఖ్యతో నడపండి

పట్టికలో ప్రతి అభ్యర్థికీ 01 నుంచి 30 దాకా ఒక సంఖ్య ఇవ్వండి. మన దగ్గర ముప్పై మంది యువకుల జాబితాలో "సాయి" అన్న పేరున్నవారు ముగ్గురు నలుగురు ఉండటం మామూలే. ఒకసారి ఒక ప్యానెల్ రాసిన ఫారం అదే పేరున్న మరొకరి ఖాతాలో పడింది. రెండో రౌండుకు వెళ్లవలసిన మనిషిని ఇంటికి పంపించేశాం. పావుగంటలో తెలిసి ఫోను చేస్తే అప్పటికే మెట్రో ఎక్కేశాడు. మంచివాడు, తిరిగి వచ్చాడు. ఆ రోజు నుంచి ఫారంలో మొదటి గడి అభ్యర్థి సంఖ్యే, ఆ తర్వాతే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు.

పట్టిక గూగుల్ షీట్‌లో ఉంటే చాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. B నిలువు వరుసలో ప్యానెల్, C లో సమయం, D లో హాజరు, H లో ప్యానెల్‌లోని ఇద్దరి ఫారాలూ వచ్చిన సమయం పెట్టుకోండి. ఒకే ప్యానెల్‌కు ఒకే సమయంలో ఇద్దరు పడ్డారేమో ఈ సూత్రం చెబుతుంది:

```
=COUNTIFS($B$2:$B$31,B2,$C$2:$C$31,C2)>1
```

దీన్ని పక్క గడిలో రాసి ముప్పై వరుసలకూ లాగండి. ఎక్కడైనా `TRUE` కనిపిస్తే అక్కడ ఢీకొన్నట్టు. స్లాట్లు మార్చిన ప్రతిసారీ ఈ గడులను చూడాలి, ఎందుకంటే పొరపాట్లు మొదటిసారి రాసినప్పుడు జరగవు, మార్చినప్పుడు జరుగుతాయి. వచ్చినా ఇంకా ఫారం రానివారు ఎందరో దీనితో తెలుస్తుంది:

```
=COUNTIFS($D$2:$D$31,"వచ్చారు",$H$2:$H$31,"")
```

ఈ అంకెను షీటు పైభాగంలో పెద్ద అక్షరాల్లో పెట్టండి. విడత నడుస్తున్నప్పుడు అది ఐదో ఆరో ఉంటుంది. విడతకూ విడతకూ మధ్య సున్నాకు రావాలి. రాకపోతే ఏదో ఒక గదిలో పని ఆగిందని అర్థం.

ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి

ప్యానెల్‌కు ఇద్దరు చొప్పున తొమ్మిది ప్యానెళ్లకు పద్దెనిమిది మంది, అదనంగా మరో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు జ్వరం వచ్చి రానివారి స్థానంలో కూర్చుంటారు. మిగిలిన ఇద్దరు, ఒక విడతలో ముగ్గురికి బదులు నలుగురు ఉత్తీర్ణులైతే, అదనపు ప్యానెల్‌గా మారతారు. ఇరవై ఒక్క మంది శనివారం రావాలంటే వారికి బదులు సెలవు ఇస్తారని వారి మేనేజర్ల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఇది లేకపోతే శుక్రవారం సాయంత్రం నుంచి "ఇంట్లో పూజ ఉందండీ" అన్న సందేశాలు మొదలవుతాయి.

జతలు కూర్చేటప్పుడు అనుభవజ్ఞుడి పక్కన కొత్తవారిని వేయండి. అయితే ఒకే బృందంలోని పై అధికారినీ కింది ఉద్యోగినీ జతచేయకండి. పై అధికారి 4 వేస్తే కింది ఉద్యోగి 2 వేయడు, అప్పుడు మీ చేతికి వచ్చేది రెండు అభిప్రాయాలు కాదు, ఒక్కటే. ప్యానెల్ జాబితా ఖరారయ్యాక ఆ గదికి వచ్చే అభ్యర్థుల పేర్లు సభ్యులకు పంపి, బంధువులో, పాత సహోద్యోగో, ఒకే కాలేజీవారో ఉంటే బుధవారంలోగా చెప్పమనండి. చెబితే వేరే గదికి మార్చడం క్షణాల పని.

గురువారం అరగంట సేపు అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. ఎవరో రాసిన ఒక కోడు నమూనాను పంచి, ఎవరికి వారు మార్కులు వేయమనండి. ఒకే కాగితానికి ఒకరు 2 వేస్తే మరొకరు 4 వేయడం మీరే చూస్తారు. ఎందుకు అలా వేశారో పది నిమిషాలు మాట్లాడుకున్నాక రెండో నమూనాకు మార్కులు దగ్గరగా వస్తాయి. ఆరు గదుల్లో ఒకే కొలమానం ఉండాలంటే నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

అదే సమావేశంలో ప్రశ్నలూ ఖరారు చేయాలి. ప్రతి గదిలోనూ అవే నాలుగు అంశాలు అడగాలి. అయితే ప్రశ్న అదే అయితే మధ్యాహ్నానికి అది అందరి ఫోన్లలోకీ చేరుతుంది. అందుకే ఒక్కో అంశానికి ఒకే స్థాయి ప్రశ్నలు మూడేసి తయారుచేసి విడతల వారీగా మార్చండి. ఇలా ముందే నిర్ణయించుకున్న ప్రశ్నలతో, ఒకే కొలమానంతో జరిపే ఇంటర్వ్యూలు ఇష్టం వచ్చినట్టు సాగే ముచ్చట్ల కంటే పనితీరును బాగా అంచనా వేస్తాయని 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ చేసిన పరిశీలనలో తేలింది. 2022లో పాల్ శాకెట్ బృందం ఆ అంకెలను తిరిగి లెక్కగట్టి తగ్గించింది, అయినా ఈ పద్ధతిని ముందు వరుసలోనే ఉంచింది.

భాష సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. ఒక గదిలో అభ్యర్థి తడబడితే "తెలుగులో చెప్పండి పర్లేదు" అంటారు, పక్క గదిలో ఇంగ్లిష్‌లోనే చెప్పాలని పట్టుబడతారు. ఒకే ఉద్యోగానికి రెండు వేర్వేరు పరీక్షలు పెట్టినట్టే. కోడు గురించిన వివరణ ఏ భాషలో ఇచ్చినా ఫరవాలేదని, ఇంగ్లిష్ అవసరమైతే దానికి విడిగా ఐదు నిమిషాలు అన్ని గదుల్లోనూ కేటాయించాలని నేను చెబుతాను.

ఫారం రాకపోతే తలుపు తెరుచుకోదు

ఇక అసలు సంగతి. ఫీడ్‌బ్యాక్ గడువు "ఈ రోజు లోపు" అని పెడితే అది గడువే కాదు. ఐదుగురితో మాట్లాడిన మనిషికి సాయంత్రానికి మొదటివారు, మూడోవారు కలిసిపోతారు. బాగా గుర్తుండేది చివరి వ్యక్తి, లేదా బాగా నవ్వించిన వ్యక్తి. కాబట్టి గడువు ఆ స్లాట్‌లోనే ఉండాలి, దాన్ని అమలు చేసే యంత్రాంగం కూడా ఉండాలి.

నేను వాడే యంత్రాంగం చాలా సాదాది. రెండేసి గదులకు ఒకరు చొప్పున వరండాలో మనిషి ఉంటారు. తర్వాతి అభ్యర్థిని లోపలికి తీసుకెళ్లేది వారే. షీటులో ఆ గది నుంచి రెండు ఫారాలూ వచ్చాయని కనిపిస్తేనే తీసుకెళ్తారు. రాకపోతే తలుపు తట్టి, "ఫారం ఒకటే వచ్చిందండీ" అని చెప్పి అక్కడే నిలబడతారు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఎంత పెద్ద ఆర్కిటెక్ట్ అయినా రాసేస్తారు. మొదటి విడతలో నసుగుతారు, మూడో విడతకు అలవాటుపడతారు.

ఫారం చిన్నదిగా ఉండాలి, లేకపోతే పది నిమిషాలు చాలవు. నాలుగు అంశాలు: జావా పునాది, రాసిన కోడు, లోపాన్ని వెతికే తీరు, చేసిన పనిని వివరించగలగడం. ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా మార్కులు. ఐదు పెడితే అందరూ 3 వేసి తప్పించుకుంటారు, నాలుగులో ఆ వీలు లేదు. ప్రతి మార్కు పక్కన ఒక వాక్యం రుజువు రాయాలి. "కాన్సెప్ట్స్ పరవాలేదు" అన్నది రుజువు కాదు. "హ్యాష్‌మ్యాప్‌లో రెండు కీలు ఒకే బకెట్‌లో పడితే ఏమవుతుందని అడిగాను. పాత విలువ పోతుందన్నారు. ఒక ఆధారం ఇచ్చాక సరిదిద్దుకున్నారు" అన్నది రుజువు. చివర్లో ముందుకా, ఇక్కడితో ఆపాలా అన్న ఒక్క నిర్ణయం.

ఇద్దరు సభ్యులూ విడివిడిగా నింపాలి, నింపేదాకా ఒకరిది మరొకరికి కనిపించకూడదు. ఇద్దరూ "ముందుకు" అంటే రెండో రౌండు. ఇద్దరూ "ఆపాలి" అంటే అంతే. ఒకరు అటు, ఒకరు ఇటు అంటే ఆ విరామంలో నియామక మేనేజరు రుజువులు చదివి తేలుస్తారు. అప్పటికీ తేలకపోతే, స్లాట్ ఖాళీ ఉంటే ముందుకే పంపుతాం.

రుజువులు రాసి ఉంటే ఇంకో లాభం ఉంది. మొదటి రౌండు పన్నెండు మందీ సాయంత్రం చర్చకు ఆగక్కర్లేదు, చాలామంది 3:30కే ఇంటికి వెళ్లిపోవచ్చు. సాయంత్రం 5:00కు చర్చకు రెండో రౌండు ఆరుగురు, మేనేజరు చాలు. ఆ చర్చలో అందరి గురించీ మాట్లాడకండి. ఇద్దరూ కాదన్నవారిని తీసేస్తే ఏడెనిమిది మంది మిగులుతారు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ముందు జూనియర్ సభ్యులు మాట్లాడాలి, మేనేజరు చివర్లో.

అభ్యర్థి వైపు నుంచి ఆ రోజు

ఐటీ పార్కు గేటు దగ్గరే సగం చిరాకు మొదలవుతుంది. ఒకసారి సందర్శకుల జాబితా భద్రతా సిబ్బందికి అందలేదు. మొదటి విడతవారు ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డారు. లోపలికి వచ్చినప్పుడు ఒకరి చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది, ఏసీ గదిలో కూర్చుని వణుకుతూ మొదటి ప్రశ్నకు జవాబిచ్చాడు. అందుకే జాబితా శుక్రవారం మధ్యాహ్నమే పంపి, అందిందని గేటు నుంచి ఫోనులో చెప్పించుకోండి. ల్యాప్‌టాప్‌తో వచ్చేవారికి విడిగా అనుమతి కావాలేమో కనుక్కోండి.

అభ్యర్థులందరికీ గురువారం రాత్రి వెళ్లే సందేశం ఒక్కటే అయి ఉండాలి, మారేది సమయం, సంఖ్య మాత్రమే:

"మీ సంఖ్య 14. శనివారం 11:45కు మీ ఇంటర్వ్యూ. గేటు దగ్గరకు 11:15కు రండి, ఫోటో గుర్తింపు కార్డు తెచ్చుకోండి. మొదటి రౌండు 45 నిమిషాలు, ఇద్దరు మాట్లాడతారు. ఫలితం 12:45కు చెబుతాం. రెండో రౌండుకు వెళ్తే 2:45 దాకా ఉండాల్సి వస్తుంది, భోజనం మేమే ఏర్పాటు చేస్తాం. ఆలస్యమైతే ఈ నంబరుకు ఫోను చేయండి."

ఆలస్యంగా వచ్చినవారికి మిగిలిన ఇరవై నిమిషాల్లోనే ఇంటర్వ్యూ ముగించడం అన్యాయం, తర్వాతివారిని వెనక్కి నెట్టడం ఇంకా అన్యాయం. మొదటి రౌండు ప్యానెళ్లలో రెండింటిని 4:30 దాకా ఉండమని ముందే అడగండి. ఆలస్యమైనవారికి 3:30కు పూర్తి 45 నిమిషాలు దొరుకుతాయి. ఆ రెండు గదుల్లో రానివారి వల్ల ఒక్కో స్లాట్ ఖాళీ అయి ఉంటే మరీ మంచిది, అప్పుడు ఆ ప్యానెళ్లకు ఇది ఐదో ఇంటర్వ్యూయే అవుతుంది. ఆలస్యమైనవారు ఉత్తీర్ణులైతే రెండో రౌండు సోమవారం వీడియోలో.

మన వైపు ఆలస్యమైతే పదిహేను నిమిషాలకే వెళ్లి ఎంతసేపు పడుతుందో చెప్పండి. "ఇప్పుడే పిలుస్తారు" అన్న మాట వాడకండి.

ముందుకు వెళ్లనివారికి చెప్పడం అన్నిటికంటే కష్టమైన పని. హాల్లో నిలబడి పేర్లు చదివి "మిగిలినవారు వెళ్లవచ్చు" అనడం నేను చూశాను. చదవని పేర్లవారు ఫైళ్లు సర్దుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. దానికి బదులు ఒక చిన్న గది పెట్టుకుని ప్రతి ఒక్కరినీ, ఉత్తీర్ణులను కూడా, విడిగా అక్కడికే పిలవండి. అప్పుడు పిలుపు వచ్చిందంటేనే ఫలితం ఏమిటో బయటివారికి తెలిసిపోదు. "ఈసారి ముందుకు తీసుకెళ్లడం లేదండీ. లోపాన్ని వెతికే భాగంలో మాకు కావలసిన స్థాయి కనిపించలేదు" అని ఫారంలోని రుజువు ఆధారంగా ఒక వాక్యం చెప్పండి. వాదనకు దిగితే వినండి, నిర్ణయం మార్చకండి.

రెండో రౌండు చేసినవారందరికీ మంగళవారం సాయంత్రం 5:00 లోపు ఏదో ఒకటి చెబుతామని అక్కడే మాట ఇవ్వండి. సోమవారం మధ్యాహ్నానికి మేనేజరు నిర్ణయం, సాయంత్రానికి జీతాల ఆమోదం, మంగళవారం ఫోన్లు. ఆమోదం ఆగితే ఆ సంగతే మంగళవారం ఫోను చేసి, కొత్త తేదీ చెప్పండి. ఎంపికైన ఐదుగురికి ఫోను చేసి, మిగిలినవారికి వారు ఆఫర్ ఒప్పుకునేదాకా ఏమీ చెప్పకుండా ఉంచాలన్న ఒత్తిడి మీ మీద వస్తుంది. ఆరో, ఏడో స్థానంలో ఉన్నవారికి "మీరు నిరీక్షణ జాబితాలో ఉన్నారు, పది రోజుల్లో తేలుతుంది" అని నిజమే చెప్పవచ్చు. చాలామంది ఆగుతారు.

మంగళవారం ఐదింటికి షీటులో చివరి నిలువు వరుసను, అంటే "చెప్పాం" అన్న గడులను పైనుంచి కిందికి ఒకసారి చూడండి. రానివారి గడులు తప్ప మరేదీ ఖాళీగా ఉండకూడదు. ఖాళీ ఉంటే ఇంటికి బయల్దేరే ముందు ఆ నంబరుకు ఫోను చేయండి.